క్విక్ షేర్, క్యూఆర్ కోడ్: పక్కనున్న ఫోన్‌కు వీడియో, నంబరు, వైఫై పాస్‌వర్డ్ పంపడం ఎలా? ఎక్కడ జాగ్రత్త పడాలి?

ఇంట్లో ఫంక్షన్ అంటే చాలు, సాయంత్రానికి ఒకటే మాట. "ఆ వీడియో నాకూ పంపవా?", "వైఫై పాస్‌వర్డ్ ఏంటి?", "వంట మేస్త్రి నంబరు ఇవ్వు". ఈ మూడు పనులకూ ఇంటర్నెట్ అక్కర్లేదు, కొత్త యాప్ కూడా వేసుకోనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్న క్విక్ షేర్, క్యూఆర్ కోడ్ సరిపోతాయి. అయితే ఇందులో కొన్ని చిక్కులున్నాయి. నిమిషంన్నరలో వెళ్లాల్సిన వీడియోకి రెండు గంటలు పట్టొచ్చు. వంట మేస్త్రి నంబరుతో పాటు మరేదో కూడా వెళ్లిపోవచ్చు. గోడకు అంటించిన కోడ్ నుంచి పాస్‌వర్డ్ వీధి మొత్తానికీ తెలిసిపోవచ్చు. అవి ఎలా జరుగుతాయో, ఎలా ఆపాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

అసలు ఇదెక్కడి నుంచి వచ్చింది?

ఒకప్పుడు సినిమా, పాట, యాప్ ఏది పంపాలన్నా షేరిట్, జెండర్ యాప్‌లే దిక్కు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో ఆ రెండూ ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టులో గూగుల్ 'నియర్‌బై షేర్' తెచ్చింది. శాంసంగ్ ఫోన్లలో అప్పటికే 'క్విక్ షేర్' పేరుతో సొంత సదుపాయం ఉంది. 2024 జనవరిలో రెండు కంపెనీలూ వీటిని కలిపేసి క్విక్ షేర్ అనే ఒకే పేరు ఉంచాయి. అందుకే ఇప్పుడు శాంసంగ్ నుంచి వేరే కంపెనీ ఆండ్రాయిడ్ ఫోన్‌కు కూడా నేరుగా ఫైల్ వెళ్తుంది.

పాత ఫోన్లలో కొన్నిచోట్ల ఇంకా నియర్‌బై షేర్ అనే పేరే కనిపించొచ్చు. కంగారు పడక్కర్లేదు, రెండూ ఒకటే.

ఉదాహరణ: కోనసీమలో ఒక గృహప్రవేశం

అమలాపురం దగ్గర ఒక ఊళ్లో గృహప్రవేశం అనుకుందాం. బావ తన ఫోన్‌లో పాలు పొంగించే ఘట్టాన్ని 4కే నాణ్యతలో ఐదు నిమిషాలు తీశాడు. ఫైల్ సుమారు 1.8 జీబీ వచ్చింది. సాయంత్రం బండికి మరదలు హైదరాబాద్ వెళ్లిపోవాలి. ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం.

"బావా, వాట్సాప్‌లో పెట్టకు, మసక మసగ్గా వస్తుంది" అంటుంది ఆమె. ఆ మాట నిజమే. మామూలుగా వీడియో పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పెడితే నాణ్యత తగ్గదు, 2 జీబీ వరకు పంపొచ్చు. కానీ ఆ 1.8 జీబీ బావ ఫోన్ నుంచి ఒకసారి అప్‌లోడ్ కావాలి, మరదలి ఫోన్‌లో మళ్లీ డౌన్‌లోడ్ కావాలి. ఆ సిగ్నల్‌తో అది రాత్రికి కూడా పూర్తి కాదు.

ఇక్కడే క్విక్ షేర్ పనికొస్తుంది. రెండు ఫోన్లూ బ్లూటూత్‌తో ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. దొరికాక వాటి మధ్య నేరుగా వైఫై లింకు ఏర్పడుతుంది. ఫైల్ ఆ లింకు మీద వెళ్తుంది. ఇంట్లో రౌటర్ లేకపోయినా, సిమ్‌లో డేటా అయిపోయినా పని జరుగుతుంది.

పంపే పద్ధతి ఇదీ

ముందు మరదలి ఫోన్ సిద్ధం కావాలి. బ్లూటూత్, వైఫై, లొకేషన్ మూడూ ఆన్ చేయాలి. వైఫై ఆన్‌లో ఉంటే చాలు, ఏ నెట్‌వర్క్‌కూ కనెక్ట్ అయి ఉండక్కర్లేదు. తర్వాత పై నుంచి కిందికి లాగితే వచ్చే బటన్లలో క్విక్ షేర్‌ను తెరవాలి. అక్కడ ఎవరు పంపొచ్చు అనే చోట మూడు రకాలు కనిపిస్తాయి. "Your devices" అంటే ఒకే గూగుల్ ఖాతా ఉన్న ఫోన్లు. "Contacts" అంటే తెలిసినవాళ్లు. "Everyone" అంటే పక్కనున్న ఎవరైనా. చివరిదాన్ని చాలా ఫోన్లలో 10 నిమిషాలకు మాత్రమే పెట్టుకోవచ్చు, ఆ తర్వాత అదే ఆగిపోతుంది.

ఇప్పుడు బావ గ్యాలరీలో వీడియో తెరిచి షేర్ గుర్తు నొక్కి, క్విక్ షేర్ ఎంచుకోవాలి. దగ్గర్లో ఉన్న ఫోన్ల పేర్లు ఒక్కొక్కటిగా వస్తాయి. మరదలి ఫోన్ పేరు నొక్కితే ఆమె ఫోన్‌లో అడుగుతుంది. ఆమె "Accept" నొక్కగానే ఫైల్ బయల్దేరుతుంది.

ఒక్క నిమిషం. ఫంక్షన్ ఇంట్లో యాభై మంది ఉంటారు. వాళ్లలో నలుగురి ఫోన్లు ఒకే మోడల్ కావొచ్చు, నాలుగూ ఒకే పేరుతో కనిపించొచ్చు. పైగా ఫోన్ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. అందుకే కొత్త ఫోన్‌కు పంపేటప్పుడు రెండు స్క్రీన్ల మీదా ఒక చిన్న పిన్ నంబరు వస్తుంది. రెండూ ఒకటే అయితేనే ఒప్పుకోవాలి. "నీ దాంట్లో ఎంత వచ్చింది?" అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. ఈ పిన్‌ను ఎక్కడా టైప్ చేయాల్సిన పని లేదు, ఇది బ్యాంకు పిన్ అసలే కాదు.

పేర్లలో వెతకడం కష్టమా? క్యూఆర్ కోడ్ ఉంది

జాబితాలో పేరు కనిపించకపోయినా, అవతలి నంబరు సేవ్ చేసుకోకపోయినా ఇంకో దారి ఉంది. 2024 చివర్లో క్విక్ షేర్‌లో "Use QR code" అనే బటన్ వచ్చింది. బావ దాన్ని నొక్కితే స్క్రీన్ మీద కోడ్ పడుతుంది. మరదలు తన ఫోన్ కెమెరాతో దాన్ని స్కాన్ చేస్తే రెండు ఫోన్లూ కలుస్తాయి. ఆమె ఫోన్ అందరికీ కనిపించేలా "Everyone" పెట్టాల్సిన అవసరమే ఉండదు. జనం ఎక్కువగా ఉన్నచోట ఇదే మేలు.

ఈ బటన్ కనిపించకపోతే ప్లే స్టోర్‌లోకి వెళ్లి గూగుల్ ప్లే సర్వీసెస్ అప్‌డేట్ అయిందో లేదో చూడాలి. క్విక్ షేర్‌లో కొత్త మార్పులు చాలావరకు దాని ద్వారానే వస్తాయి.

90 సెకన్లా? రెండు గంటలా? ఇలా తెలుస్తుంది

క్విక్ షేర్ గురించి ఎక్కువమంది చేసే ఫిర్యాదు "చాలా స్లో" అని. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఫైల్ వైఫై మీద కాకుండా బ్లూటూత్ మీద వెళ్తోంది.

లెక్క చూద్దాం. ఫోన్ల మధ్య వైఫై లింకు బాగా కుదిరితే సెకనుకు 20 ఎంబీ వరకు, మంచి ఫోన్లలో అంతకంటే ఎక్కువే వెళ్తుంది. ఆ వేగంతో 1.8 జీబీకి 90 సెకన్లు. పాత ఫోన్లలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద సెకనుకు 5 ఎంబీ వచ్చిందనుకుంటే ఆరు నిమిషాలు. అదే బ్లూటూత్ అయితే సెకనుకు పావు ఎంబీ వస్తే గొప్ప. అంటే రెండు గంటలు.

మొదటి కొన్ని సెకన్లు నెమ్మదిగా ఉండటం మామూలే. కనెక్షన్ బ్లూటూత్‌తో మొదలై తర్వాత వైఫైకి మారుతుంది. అర నిమిషం దాటాక కూడా ఒక శాతం కదలకపోతే అది మారలేదని అర్థం. అప్పుడు ఎదురు చూడటం దండగ. రద్దు చేసి ఈ నాలుగూ సరిచూసుకోవాలి.

మొదటిది హాట్‌స్పాట్. బావ తన ఫోన్ నుంచి పిల్లలకు హాట్‌స్పాట్ ఇచ్చి మర్చిపోయి ఉంటాడు. ఫోన్‌లోని వైఫై ఆ పనిలో ఉంటే ఫైల్ లింకు కుదరకపోవచ్చు. హాట్‌స్పాట్ ఆపి మళ్లీ పంపాలి. రెండోది బ్యాటరీ సేవర్. అది ఆన్‌లో ఉంటే వెతుకులాట తగ్గుతుంది, ఫోన్ పేరే కనిపించకపోవచ్చు. మూడోది స్క్రీన్. తీసుకునే ఫోన్ లాక్ తీసి, స్క్రీన్ వెలుగుతూ ఉండాలి. జేబులో పెట్టుకుని "రావట్లేదు" అంటే రాదు. నాలుగోది దూరం. రెండు ఫోన్లనూ పక్కపక్కనే పెట్టి మొదలుపెట్టాలి. ఒకరు పెరట్లో, ఒకరు మేడ మీద ఉంటే కుదరదు.

ఇవన్నీ చూసుకున్నా పని జరగకపోతే రెండు ఫోన్లలోనూ బ్లూటూత్, వైఫై ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఎక్కువసార్లు దారికొస్తుంది.

వచ్చిన వీడియో ఎక్కడుందో దొరకడం లేదని కూడా చాలామంది అంటారు. ఫైల్స్ యాప్ తెరిచి డౌన్‌లోడ్స్‌లో Quick Share అనే ఫోల్డర్ చూడాలి. పాత పేరుతో ఉన్న ఫోన్లలో అది Nearby Share ఫోల్డర్‌గా ఉంటుంది. మరదలు బస్సెక్కే ముందే ఆ వీడియోను ఒకసారి చివరిదాకా జరిపి చూసుకోవాలి. ఫోన్‌లో ఖాళీ తక్కువుంటే ఫైల్ మధ్యలోనే ఆగిపోతుంది.

ఇంకో సంగతి. క్విక్ షేర్ ఫైల్‌ను ఉన్నది ఉన్నట్టు పంపుతుంది. నాణ్యత తగ్గదు, బాగానే ఉంది. కానీ కెమెరాలో లొకేషన్ సేవ్ చేసే ఆప్షన్ ఆన్‌లో ఉంటే, ఫొటో ఎక్కడ తీశారో ఆ వివరం కూడా ఫైల్‌తోనే వెళ్తుంది. బంధువులకైతే ఫర్వాలేదు. ముక్కూమొహం తెలియనివాళ్లకు ఇంట్లో తీసిన ఫొటో పంపేటప్పుడు మాత్రం గ్యాలరీలో ఫొటో వివరాలు తెరిచి లొకేషన్ తీసేయడం మంచిది.

నాన్న ఫోన్‌లో కొడుకు జీమెయిల్ ఉందా?

మన ఇళ్లలో ఇది చాలా మామూలు. నాన్నకు కొత్త ఫోన్ కొనిపెట్టిన కొడుకు, ప్లే స్టోర్ పనిచేయడానికి తన జీమెయిలే అందులో పెట్టేస్తాడు. అక్కడితో ఆ సంగతి మర్చిపోతాడు. క్విక్ షేర్ లెక్కలో మాత్రం ఆ రెండు ఫోన్లూ ఒకే మనిషివి. ఒకే ఖాతా ఉన్న ఫోన్ల మధ్య ఫైల్ పంపితే అవతల "Accept" అని అడగకుండానే దిగిపోతుంది.

అంటే కొడుకు ఆఫీసు కాగితాన్ని తన ల్యాప్‌టాప్‌కు పంపబోయి, జాబితాలో పొరపాటున నాన్న ఫోన్ పేరు నొక్కితే ఆపేవాళ్లు ఉండరు. పరిష్కారం తేలికే. నాన్న ఫోన్‌కు ఆయన పేరుతోనే వేరే జీమెయిల్ పెట్టాలి. అంతవరకు కనీసం ఫోన్ పేరైనా మార్చాలి. కంపెనీ మోడల్ పేరు తీసేసి "నాన్న ఫోన్" అని పెడితే పొరపాటు జరగదు.

"Contacts" ఆప్షన్‌లోనూ ఒక మెలిక ఉంది. నంబరు సేవ్ చేసుకున్నంత మాత్రాన సరిపోదు. రెండు వైపులా గూగుల్ ఖాతాతో లాగిన్ అయి ఉండాలి. సేవ్ చేసుకున్న నంబరు లేదా మెయిల్, అవతలి మనిషి గూగుల్ ఖాతాదే అయి ఉండాలి. "బావ నంబరు ఉంది కదా, ఎందుకు కనిపించడం లేదు?" అనే ప్రశ్నకు జవాబు ఇదే. అలాంటప్పుడు క్యూఆర్ కోడ్ వాడటమో, 10 నిమిషాల "Everyone" పెట్టడమో చేయాలి.

నంబరు పంపితే నోట్ కూడా వెళ్తుంది

గృహప్రవేశానికి వచ్చిన పిన్నికి భోజనాలు నచ్చాయి. "వంట మేస్త్రి నంబరు పంపమ్మా" అంది అక్కతో. అక్క కాంటాక్ట్స్ తెరిచి, పేరు నొక్కి, షేర్ కొట్టి, క్విక్ షేర్‌లో పంపేసింది. పిన్ని ఫోన్‌కు వెళ్లింది ఒక్క నంబరేనా? కాదు.

కాంటాక్ట్ ఎప్పుడూ ఒక చిన్న ఫైల్‌గా వెళ్తుంది. దాని పేరు చివర .vcf అని ఉంటుంది. దాన్ని విప్పి చూస్తే లోపల ఇలా ఉంటుంది.

```
BEGIN:VCARD
VERSION:3.0
N:;వంట మేస్త్రి;;;
FN:వంట మేస్త్రి
TEL:+91XXXXXXXXXX
NOTE:ఇంకా 5000 ఇవ్వాలి
END:VCARD
```

నోట్‌లో రాసుకున్నది కూడా అందులో ఉంది. ఇక్కడ 5000 బాకీ సంగతి తెలిస్తే పెద్ద నష్టం లేదు. కానీ చాలామంది కాంటాక్ట్స్‌నే డైరీలా వాడతారు. బ్యాంకు పేరుతో ఒక కాంటాక్ట్ పెట్టి ఏటీఎం పిన్ రాసుకుంటారు. ఇంటి చిరునామా, పుట్టినరోజు, రెండో నంబరు అన్నీ ఒకే పేరు కింద పెడతారు. షేర్ కొడితే అదంతా వెళ్లొచ్చు.

గూగుల్ కాంటాక్ట్స్ యాప్ కొత్త వెర్షన్లలో షేర్ నొక్కగానే ఏయే వివరాలు పంపాలో టిక్ పెట్టుకునే అవకాశం ఉంది. నంబరు ఒక్కటే ఉంచి మిగతావి తీసేయొచ్చు. అలా అడగని ఫోన్ అయితే ముందు ఆ కాంటాక్ట్ తెరిచి నోట్ చూసుకోవాలి. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు కాంటాక్ట్స్‌లో ఉంటే ఈరోజే తీసేయడం ఇంకా మంచిది.

తీసుకునేవాళ్లకు కూడా ఒక జాగ్రత్త ఉంది. వచ్చిన ఫైల్ తెరిచినప్పుడు ఎక్కడ సేవ్ చేయాలని ఫోన్ అడుగుతుంది. "డివైస్" అని పెడితే ఫోన్ పోయిన రోజు నంబరు కూడా పోతుంది. గూగుల్ ఖాతా ఎంచుకుంటే కొత్త ఫోన్‌లోకి తిరిగొస్తుంది.

కొన్నిసార్లు పంపేవాళ్లు తెలియక మొత్తం కాంటాక్ట్స్ ఎంచుకుని పంపేస్తారు. తెరవగానే ఎనిమిది వందల పేర్లు వచ్చి కలిసిపోతాయి. ఒక్కొక్కటీ చెరిపేస్తూ కూర్చోవాల్సిన పని లేదు. కంప్యూటర్‌లో contacts.google.com తెరిచి, సెట్టింగ్స్‌లో "Undo changes" నొక్కి, అంతకు ముందున్న సమయానికి వెనక్కి వెళ్లొచ్చు. 30 రోజుల వరకు ఈ అవకాశం ఉంటుంది. గూగుల్ ఖాతాలో సేవ్ అయిన కాంటాక్ట్స్‌కు మాత్రమే ఇది పనిచేస్తుంది.

వైఫై పాస్‌వర్డ్ చెప్పకుండానే కనెక్ట్ చేయొచ్చు

ఇంటి వైఫై పాస్‌వర్డ్ పెద్ద అక్షరం, చిన్న అక్షరం, అంకె, గుర్తు అన్నీ కలిపి ఉంటుంది. వచ్చిన ప్రతివాళ్లకూ ఒక్కో అక్షరం చెప్పడం నరకం. ఆండ్రాయిడ్ 10 నుంచి దీనికి క్యూఆర్ దారి ఉంది.

వైఫైకి కనెక్ట్ అయిన ఫోన్‌లో సెట్టింగ్స్ తెరవాలి. నెట్‌వర్క్ పేరు పక్కనున్న పళ్ల చక్రం గుర్తు నొక్కితే "Share" కనిపిస్తుంది. శాంసంగ్‌లో సెట్టింగ్స్, కనెక్షన్స్, వైఫై వరుసలో వెళ్లి అదే గుర్తు నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో కనెక్ట్ అయిన నెట్‌వర్క్ పేరు మీదే నొక్కాలి. వేలిముద్ర లేదా స్క్రీన్ లాక్ అడిగాక కోడ్ చూపిస్తుంది. ఎదుటివాళ్లు కెమెరాతో స్కాన్ చేసి, వచ్చిన నెట్‌వర్క్ పేరు నొక్కితే కనెక్ట్ అయిపోతారు. చాలా ఫోన్లలో ఆ కోడ్ కిందే "Nearby" లేదా క్విక్ షేర్ బటన్ కూడా ఉంటుంది. దాన్ని నొక్కితే కెమెరా కూడా అక్కర్లేదు.

బెంగళూరు నుంచి వచ్చిన మేనల్లుడి దగ్గర ఐఫోన్ ఉందనుకుందాం. అదీ ఇబ్బంది కాదు. ఆండ్రాయిడ్ చూపించే వైఫై కోడ్‌ను ఐఫోన్ కెమెరా కూడా చదువుతుంది. ఐఫోన్ నుంచి ఇవ్వాలంటే ఐఓఎస్ 18 లో వచ్చిన పాస్‌వర్డ్స్ యాప్‌లో వైఫై విభాగం తెరిచి, ఆ నెట్‌వర్క్‌కు క్యూఆర్ కోడ్ చూపించమని నొక్కాలి.

వీడియో పంపడం మాత్రం అంత తేలిక కాదు. ఐఫోన్‌లో ఉండేది ఎయిర్‌డ్రాప్. క్విక్ షేర్, ఎయిర్‌డ్రాప్ చాలాకాలం కలవలేదు. 2025 నవంబరులో గూగుల్ ముందుగా పిక్సెల్ 10 ఫోన్ల నుంచి ఎయిర్‌డ్రాప్‌కు దారి తెరిచింది. దానికి ఐఫోన్‌లో ఎయిర్‌డ్రాప్‌ను 10 నిమిషాల పాటు అందరికీ కనిపించేలా పెట్టాలి. మేనల్లుడి ఫోన్ పేరు బావ క్విక్ షేర్ జాబితాలో రాకపోతే కేబుల్‌తోనో, రాజమండ్రి వెళ్లాక మంచి ఇంటర్నెట్ దొరికినప్పుడు డ్రైవ్ లింకుతోనో పంపుకోవాలి.

ఆ కోడ్ తాళం కాదు, తాళంచెవి

అసలు సంగతి ఇక్కడుంది. వైఫై క్యూఆర్ కోడ్‌లో పాస్‌వర్డ్ దాచిపెట్టి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అందులో దాచిందేమీ లేదు. నల్లచుక్కల్లో రాసి ఉండేది ఈ ఒక్క వాక్యం.

```
WIFI:T:WPA;S:MaaIllu;P:Mamidi#2847;;
```

ఎస్ తర్వాత ఉన్నది నెట్‌వర్క్ పేరు, పి తర్వాత ఉన్నది పాస్‌వర్డ్. ఏ క్యూఆర్ రీడర్ యాప్ అయినా దీన్ని ఉన్నది ఉన్నట్టు చదివేస్తుంది. చాలా ఫోన్లయితే కోడ్ కిందే పాస్‌వర్డ్‌ను అక్షరాల్లో చూపిస్తాయి. కాబట్టి కోడ్ ఫొటో తీసిన ప్రతివాళ్ల దగ్గరా పాస్‌వర్డ్ ఉన్నట్టే.

గృహప్రవేశం ఇంట్లో తమ్ముడు ఆ కోడ్‌ను ప్రింట్ తీసి హాల్లో అంటించాడు. "మామయ్యా, ఇక అందరూ దీన్నే స్కాన్ చేసుకుంటారు, మిమ్మల్ని అడగరు" అన్నాడు. ఆ సాయంత్రం ఎవరో హాల్లో గ్రూప్ ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. వెనక గోడ మీద కోడ్ స్పష్టంగా ఉంది. ఫొటోను పెద్దది చేసి స్కాన్ చేసినా అది పనిచేస్తుంది. ఇప్పుడు ఆ స్టేటస్ చూసినవాళ్లలో ఇంటి చుట్టుపక్కల ఎవరున్నా ఆ వైఫై వాడుకోవచ్చు.

దీనివల్ల నెట్ స్లో అవడం ఒక్కటే కాదు. అదే వైఫైలో ఇంటి సీసీ కెమెరా, టీవీ, ల్యాప్‌టాప్ ఉంటాయి. లోపలికి వచ్చిన ఫోన్ వాటిని వెతకగలదు. ఆ కనెక్షన్ మీద ఎవరైనా తప్పుడు పని చేస్తే, ముందుగా కనిపించేది ఇంటి యజమాని కనెక్షనే.

అందుకని రెండు పనులు చేయాలి. చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటుంది. రౌటర్ యాప్‌లో లేదా దాని అడుగున రాసి ఉన్న చిరునామాను బ్రౌజర్‌లో తెరిచి దాన్ని ఆన్ చేసి, వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టాలి. చుట్టాలకు ఆ కోడ్ మాత్రమే చూపించాలి. గెస్ట్ నెట్‌వర్క్‌లోకి వచ్చిన ఫోన్లకు ఇంటర్నెట్ వస్తుంది గానీ ఇంట్లోని కెమెరా, టీవీ మామూలుగా కనిపించవు. ఫంక్షన్ అయిపోయాక దాన్ని ఆపేస్తే సరి. ఇంట్లో దేని పాస్‌వర్డూ మార్చక్కర్లేదు.

గెస్ట్ సదుపాయం లేని రౌటర్ అయితే మర్నాడు అసలు పాస్‌వర్డే మార్చాలి. అప్పుడు టీవీ, కెమెరా, ఇంట్లో ఫోన్లు అన్నీ డిస్‌కనెక్ట్ అవుతాయి. ఒక్కోదాన్ని మళ్లీ కలపాలి. విసుగు పనే, కానీ వేరే దారి లేదు. పాత కోడ్ ప్రింట్‌ను కూడా అప్పుడే చింపేయాలి.

స్కాన్ చేసినా కనెక్ట్ కాకపోతే?

మొదట చూడాల్సింది పాస్‌వర్డ్ మారిందేమోనని. ప్రింట్ తీసిన కోడ్ దానంతట అది మారదు. పాస్‌వర్డ్ మార్చాక పాత కోడ్ స్కాన్ చేస్తే ఫోన్ కాసేపు తిప్పి, పాస్‌వర్డ్ సరిచూసుకోమంటుంది.

రెండోది బ్యాండ్. రౌటర్‌లో చివర 5జీ అని పేరున్న నెట్‌వర్క్ ఉంటే అది సాధారణంగా 5 గిగాహెర్ట్జ్ వైఫై. సిమ్ 5జీకీ దానికీ సంబంధం లేదు. పాత, చవక ఫోన్లు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటాయి. తాతయ్య ఫోన్‌లో ఆ పేరే జాబితాలో లేకపోతే కారణం ఇదే. రెండో నెట్‌వర్క్ కోడ్ చూపించాలి.

మూడోది ఆఫీసు వైఫై. ఒక్కో ఉద్యోగికీ వేర్వేరు యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చే ఆఫీసు, కాలేజీ నెట్‌వర్క్‌లకు ఫోన్‌లో షేర్ ఆప్షనే రాదు. అది ఫోన్ తప్పు కాదు.

కోడ్ తయారు చేయడానికి ఏవో వెబ్‌సైట్లలో పాస్‌వర్డ్ టైప్ చేయడం మాత్రం వద్దు. ఫోనే కోడ్ ఇస్తున్నప్పుడు పాస్‌వర్డ్‌ను బయటివాళ్లకు అప్పగించే అవసరమేముంది? పైగా కొన్ని సైట్లు ఇచ్చే కోడ్ నేరుగా వైఫైకి కాకుండా ముందు వాళ్ల లింకుకు వెళ్తుంది. వాళ్లు ఆపేసిన రోజు కోడ్ పనిచేయదు.

స్కాన్ చేసేవాళ్లు ఒక్క క్షణం ఆగి చదవాలి

హోటల్లో, బస్టాండ్‌లో "ఉచిత వైఫై" అని కోడ్ కనిపిస్తే కెమెరా పెట్టగానే స్క్రీన్ మీద ఏం వచ్చిందో చదవాలి. నిజంగా వైఫై కోడ్ అయితే నెట్‌వర్క్ పేరు చూపించి, చేరాలా అని అడుగుతుంది. దానికి బదులు వెబ్ చిరునామా వస్తే, యాప్ డౌన్‌లోడ్ చేయమంటే, చెల్లింపు యాప్ తెరుచుకుంటే అది వైఫై కోడ్ కాదు. వెంటనే వెనక్కి వచ్చేయాలి. అసలు కోడ్ మీద ఇంకో స్టిక్కర్ అంటించారేమో గోటితో తడిమి చూసినా తెలిసిపోతుంది.

వైఫైలో చేరడానికి, ఫైల్ తీసుకోవడానికి, నంబరు సేవ్ చేసుకోవడానికి యూపీఐ పిన్ ఎక్కడా అవసరం పడదు. ఎక్కడైనా అడిగితే అది మోసమే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు ఇవ్వాలి.

పని అయ్యాక చేయాల్సినవి

మరదలు బస్సెక్కింది, వీడియో ఆమె ఫోన్‌లో ఉంది. ఇక మిగిలినవి రెండే రెండు. క్విక్ షేర్‌ను "Everyone"లో పెట్టి ఉంటే మళ్లీ "Contacts"కో, "Your devices"కో మార్చాలి. 10 నిమిషాల పరిమితి లేని ఫోన్లలో ఇది మర్చిపోతే, రైల్లో పక్కసీటు మనిషి కూడా ఏదో ఒక ఫొటో పంపుతూ ఉండొచ్చు. తెలియని పేరుతో ఏది వచ్చినా "Decline" నొక్కాలి. ముఖ్యంగా .apk అని చివర ఉన్న ఫైల్ వస్తే అది యాప్, దాన్ని తెరవకూడదు.

రెండోది గోడ మీది కోడ్. పందిరి విప్పే రోజునే దాన్నీ విప్పేయాలి.